పంపు రన్నింగ్ అనే చూపించింది, మందు వెళ్లలేదు: రిపోర్టులో ఏం రాయాలి?

ప్రశ్న: గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు హాస్పిటల్ ఐసీయూలో స్టాఫ్ నర్సుని. నిన్న నైట్ డ్యూటీలో సిరంజి పంపు రన్ అవుతున్నట్టే చూపించింది, అలారం కూడా రాలేదు. కానీ మందు సరిగ్గా వెళ్లలేదు, పేషెంట్ బీపీ పడిపోయింది. డాక్టర్ గారు చూసి పంపు మార్చారు, పేషెంట్ ఇప్పుడు బాగానే ఉన్నారు. ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయమన్నారు. ఏమేం రాయాలి? తప్పు నా మీదకు వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

సిస్టర్, ఇది చదవగానే ముందు వార్డుకి ఫోన్ చేయండి. ఆ సిరంజి, ఎక్స్‌టెన్షన్ లైను ఇంకా ఉన్నాయేమో కనుక్కోండి. ఎర్ర కవర్లో పడేసి ఉంటే ఎవరూ తీసుకెళ్లకముందే ఆపండి. బయోమెడికల్ వేస్ట్ బండి మామూలుగా రోజూ వస్తుంది. పంపుని కూడా ఎవరూ తుడిచి వేరే బెడ్‌కి పెట్టకుండా పక్కన పెట్టించండి.

ఇక రిపోర్టు. అందులో మీరు చెప్పాల్సినవి మూడే: పంపు స్క్రీన్ మీద ఏం ఉంది, సిరంజిలో నిజంగా ఎంత మిగిలింది, ఆ మధ్యలో పేషెంట్‌కి ఏమైంది. ఈ మూడూ టైముతో సహా రాయండి. ఎందుకలా జరిగిందో మాత్రం మీరు రాయొద్దు. "పంపు పాడైపోయింది" అనీ, "లైను మడత పడి ఉండొచ్చు" అనీ రాయొద్దు. అది పంపు విప్పి చూసినవాళ్లు రాయాల్సిన మాట. మీరు ఊహించి ఒక కారణం రాశారంటే తర్వాత అందరూ దాన్ని పట్టుకునే వాదిస్తారు, మీరు కళ్లారా చూసిన విషయం పక్కకు పోతుంది.

నేను విజయవాడలో బయోమెడికల్ ఇంజినీర్‌ని. పద్దెనిమిదేళ్లుగా పంపులు, మానిటర్లు, వెంటిలేటర్లు చూస్తున్నాను. అచ్చం మీలాంటి కేసే ఒకటి నా చేతుల మీదుగా వెళ్లింది. దాన్ని వివరంగా చెబితే మీకు రాయడం తేలికవుతుంది. అంతకంటే ముందు ఒక్క విషయం అర్థం కావాలి.

పంపు స్క్రీన్ మీద "ఇన్‌ఫ్యూజ్డ్ వాల్యూమ్" అని కనిపించే అంకె ఎవరూ కొలిచింది కాదు. లోపల మోటారు ఒక పొడుగాటి స్క్రూని తిప్పుతుంది. ఆ స్క్రూని ఒక సగం నట్టు పట్టుకుని ఉంటుంది. ఆ నట్టు కదిలితే పిస్టన్‌ని తోసే చెయ్యి కదులుతుంది. మనం సిరంజి పెట్టేటప్పుడు లివర్ నొక్కితే ఆ నట్టే స్క్రూని వదులుతుంది, అందుకే చెయ్యి అటూ ఇటూ జరుగుతుంది. పంపు లెక్కపెట్టేది మోటారు ఎన్ని చుట్లు తిరిగిందన్నది. దాన్ని మీరు ఎంచుకున్న సిరంజి సైజుతో లెక్కగట్టి మిల్లీలీటర్లుగా చూపిస్తుంది. నట్టు పళ్లు అరిగి స్క్రూ మీద జారిందనుకోండి, మోటారు తిరుగుతూనే ఉంటుంది, స్క్రీన్ మీద అంకె పెరుగుతూనే ఉంటుంది, పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. పిస్టన్ మాత్రం అక్కడే ఉంటుంది. చెయ్యి నిజంగా ఎక్కడుందో విడిగా చూసుకునే సెన్సరు ఉన్న పంపులు దీన్ని పట్టుకుని అలారం కొడతాయి. అన్ని పంపుల్లో ఆ ఏర్పాటు ఉండదు.

అక్లూజన్ అలారం ఎందుకు రాలేదని మిమ్మల్ని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. లైను మూసుకుపోయి, పంపు తోస్తూనే ఉంటే ప్రెషర్ పెరుగుతుంది, అప్పుడు ఆ అలారం వస్తుంది. నట్టు జారితే తోపుడే ఉండదు, ప్రెషర్ పెరగదు, అలారం రాదు. కాబట్టి అలారం రాకపోవడం మీరు చెప్పేదానికి వ్యతిరేక సాక్ష్యం కాదు. "అలారం ఏదీ రాలేదు, స్క్రీన్ మీద రన్నింగ్ అనే ఉంది" అని తప్పకుండా రాయండి. వెతికేవాళ్లకి అది చాలా పెద్ద ఆధారం.

ఇప్పుడు మా కేసు. హాస్పిటల్ పేరు అక్కర్లేదు. సెప్సిస్‌తో వచ్చిన 60 కిలోల పేషెంట్, నార్‌ఎడ్రినలిన్ మీద ఉన్నారు. 4 మిల్లీగ్రాములు 50 మిల్లీలీటర్లలో కలిపారు, అంటే మిల్లీలీటర్‌కి 80 మైక్రోగ్రాములు. డోసు కిలోకి నిమిషానికి 0.1 మైక్రోగ్రాము. లెక్క వేస్తే నిమిషానికి 6, గంటకి 360 మైక్రోగ్రాములు, అంటే గంటకి 4.5 మిల్లీలీటర్లు. రాత్రి 1:30కి కొత్త సిరంజి పెట్టారు. 4:10కి మానిటర్ అలారం కొట్టింది, బీపీ 68/38.

సిస్టర్ పరిగెత్తి వెళ్లి పంపు చూశారు. రన్నింగ్. రేటు 4.5. వెళ్లిన మందు 12.0 మిల్లీలీటర్లు అని చూపిస్తోంది. రెండు గంటల నలభై నిమిషాలకి గంటకి 4.5 చొప్పున సరిగ్గా 12 అవుతుంది, అంటే స్క్రీన్ ప్రకారం అంతా సవ్యంగానే ఉంది. ఇంకెవరైనా అయితే పేషెంట్ కండిషనే దిగజారిందనుకుని రేటు పెంచేవారు. ఆవిడ సిరంజి వైపు చూశారు. 38 దగ్గర ఉండాల్సిన పిస్టన్ 44 దగ్గర ఉంది.

ఆ తర్వాత ఆవిడ చేసిన పనిని నేను ఇప్పటికీ ట్రైనింగుల్లో చెబుతుంటాను. ముందు పేషెంట్ వైపు త్రీ వే మూసేశారు. మూయకుండా సిరంజి లాగితే, లేదా లివర్ నొక్కేటప్పుడు పిస్టన్ కొంచెం కదిలితే, లైన్లో ఉన్న నార్‌ఎడ్రినలిన్ ఒక్కసారిగా లోపలికి వెళ్లిపోతుంది, బీపీ 68 నుంచి 200 దాటుతుంది. మూశాక ఫోన్ తీసి స్క్రీన్ ఒక ఫొటో, సిరంజి స్కేలు కనపడేలా ఇంకో ఫొటో తీశారు. పది సెకన్ల పని. ఈలోగా ఇంకో సిస్టర్ కొత్త పంపు, కొత్త సిరంజి తెచ్చారు. 4:14కి మందు మళ్లీ మొదలైంది. ఫొటోలో పేషెంట్ పేరు, ముఖం పడకుండా చూసుకున్నారు. మీరూ అలాగే చేయండి, ఆ ఫొటోని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

ఇంత బాగా చేసిన మనిషి తెల్లారాక రాసిన రిపోర్టు ఇదీ: "సిరంజి పంపు ఫెయిల్ అయ్యింది. పేషెంట్ బీపీ తగ్గింది. డ్యూటీ డాక్టర్‌కి చెప్పి పంపు మార్చాం. పేషెంట్ స్టేబుల్." నాలుగు వాక్యాలు, నాలుగూ నిజమే, ఒక్కటీ పనికిరాదు. ఏ పంపు? ఎలా ఫెయిల్ అయ్యింది? ఎంత మందు తక్కువ వెళ్లింది? ఎంతసేపు? దాన్నే కంపెనీకి పంపితే వాళ్లు రెండు లైన్లలో తిప్పి పంపేస్తారు. డ్యూటీ దిగి ఇంటికెళ్లబోతున్న ఆవిణ్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఇద్దరం కలిసి మళ్లీ రాశాం. చివరికి తయారైంది ఇలా ఉంది:

"రాత్రి 1:30కి కొత్త 50 మి.లీ. సిరంజి పెట్టి గంటకి 4.5 మి.లీ. రేటుతో మొదలుపెట్టాను. 2:30కి సిరంజి స్కేలు మీద 45.5 మి.లీ. ఉంది. 3:30కి స్క్రీన్ మీద 9.0 మి.లీ. వెళ్లినట్టు ఉంది, ఆ సమయంలో సిరంజి స్కేలు చూడలేదు. 4:10కి బీపీ 68/38. అప్పుడు స్క్రీన్ మీద రన్నింగ్, రేటు 4.5, వెళ్లినది 12.0 మి.లీ. సిరంజి స్కేలు మీద 44 మి.లీ. మిగిలి ఉంది. అలారం ఏదీ రాలేదు. పంపు కరెంటు మీదే నడుస్తోంది. లైనులో మడత, లీకు, గాలి కనిపించలేదు. త్రీ వే తెరిచే ఉంది."

ఇందులో "ఫెయిల్" అన్న మాట ఎక్కడా లేదు, గమనించారా? అయినా చదివినవాడికి అంతా తెలిసిపోతుంది. 12 వెళ్లాల్సిన చోట 6 వెళ్లింది. 6 మిల్లీలీటర్లు, అంటే 480 మైక్రోగ్రాములు తక్కువ. ఇంకొంచెం దగ్గరగా చూస్తే, మొదటి గంటలో వెళ్లాల్సిన 4.5 సరిగ్గానే వెళ్లింది. తేడా అంతా 2:30 తర్వాత వచ్చింది: 7.5 వెళ్లాల్సిన గంటా నలభై నిమిషాల్లో 1.5 మాత్రమే వెళ్లింది.

ఈ ఒక్క వివరంతో సగం అనుమానాలు తీరిపోయాయి. సిరంజి బ్రాండు తప్పుగా ఎంచుకుంటే కూడా మందు తక్కువో ఎక్కువో వెళ్తుంది, ఎందుకంటే ఒక్కో బ్రాండు 50 మి.లీ. సిరంజి లోపలి వ్యాసం ఒక్కోలా ఉంటుంది. కానీ అలాంటి తప్పు మొదటి నిమిషం నుంచీ ఒకే నిష్పత్తిలో ఉంటుంది. మొదటి గంట సరిగ్గా వెళ్లి తర్వాత తేడా వచ్చిందంటే సెట్టింగ్ తప్పు కాదు, మధ్యలో ఏదో జరిగింది. ఈ సంగతి తేల్చింది ఏ ఇంజినీరూ కాదు, 2:30కి ఆవిడ స్క్రీన్ చూడకుండా సిరంజి చూసి రాసిన 45.5 అన్న అంకె.

మీ భయం గురించి కూడా ఇక్కడే చెబుతాను. "3:30కి సిరంజి స్కేలు చూడలేదు" అన్న వాక్యం రాయడానికి ఆవిడ చాలాసేపు తటపటాయించారు. "రాస్తే నా మీదకే వస్తుంది కదా సార్" అన్నారు. రాయకపోతే ఏమవుతుందో చూడండి. చార్టులో 3:30కి "9.0" అని ఉంది. అది సిరంజి చూసి రాసిందనుకుంటే 3:30 వరకు మందు సరిగ్గా వెళ్లిందని అర్థం. అప్పుడు 4:10కి 41 కంటే ఎక్కువ మిగలకూడదు, 44 ఎలా ఉంటుంది? మందు వెనక్కి రాదు కదా. లెక్క పొసగదు, చార్టే అబద్ధమనే అనుమానం వస్తుంది. నిజం రాస్తే ఆ అనుమానం ఉండదు. నిజానికి మా దగ్గర ఆ రోజుల్లో అందరూ స్క్రీన్ అంకే రాసేవాళ్లు, అదే అలవాటు. మేనేజ్‌మెంట్ కూడా దాన్ని ఆవిడ తప్పుగా చూడలేదు, చార్టులో "స్కేలు మీద మిగిలినది" అని ఒక కొత్త గడి పెట్టించింది. అన్ని హాస్పిటళ్లూ ఇలా ఉంటాయని నేను హామీ ఇవ్వలేను. కానీ చార్టుని ఇప్పుడు దిద్దకండి, కొట్టేయకండి. మర్చిపోయింది ఏదైనా ఉంటే "ఆలస్యంగా రాసినది" అని, ఇవాళ్టి తేదీ, టైము వేసి సంతకం పెట్టి కింద చేర్చండి. పంపు లోపల లాగ్ ఉంటుంది, ఏ బటన్ ఎప్పుడు నొక్కారో దానికి తెలుసు. దిద్దిన చార్టు దానితో సరిపోకపోతే అప్పుడు నిజంగానే ఇబ్బంది.

లాగ్ మాట వచ్చింది కాబట్టి గడియారం సంగతి కూడా చెబుతాను. మా పంపు గడియారం గోడ గడియారం కంటే 13 నిమిషాలు వెనక ఉంది. మానిటర్ అయితే గోడ గడియారం కంటే 4 నిమిషాలు ముందు ఉంది. సర్వీసు నుంచి వచ్చిన పంపుల టైము ఎవరూ సరిచేయరు. అందుకని పంపు పక్కన మీ ఫోన్ పెట్టి రెండు టైములూ కనపడేలా ఒక ఫొటో తీయించండి. రిపోర్టులో "టైములన్నీ గోడ గడియారం ప్రకారం, పంపు గడియారం ఇన్ని నిమిషాలు వెనక ఉంది" అని ఒక్క లైను చాలు. టైము సరిచేయకండి, పంపుని ఆన్ చేసి "ఒకసారి చూద్దాం" అని నడపకండి. ఒక్కో మోడల్లో లాగ్‌కి ఇన్ని ఎంట్రీలని పరిమితి ఉంటుంది, నిండితే పాతవి చెరిగిపోతాయి. వచ్చిన ప్రతి ఒక్కరూ ఆన్ చేసి బటన్లు నొక్కుతూ పోతే మీ రాత్రి కాస్తా మాయమవుతుంది.

ఇక పంపు వివరాలు. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటే, హాస్పిటల్ అంటించిన స్టిక్కర్ నంబర్ రాసేస్తారు. మాది "సిరంజి పంపు 7". సర్వీసుకి వెళ్లి వచ్చేటప్పుడు బాడీ మారుతుంది, స్టిక్కర్ ఊడితే వార్డు బాయ్ పక్క పంపుకి అంటిస్తాడు, ఒక ఏడాదిలో ఏడో నంబరు ఎవరిదో ఎవరికీ తెలియదు. పంపు వెనకో, అడుగునో కంపెనీ లేబుల్ ఉంటుంది. ఎస్‌ఎన్ అన్న అక్షరాల పక్కన ఉండేది సీరియల్ నంబర్, ఫ్యాక్టరీ బొమ్మ పక్కన ఉండేది తయారీ తేదీ. కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబర్, దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు అన్నీ అక్కడే దొరుకుతాయి. చేత్తో రాసుకోవద్దు, ఫొటో తీయండి. సున్నాకీ, ఓ అక్షరానికీ తేడా తెలియక మేము ఒకసారి వారం రోజులు తిరిగాం. సాఫ్ట్‌వేర్ వెర్షన్, కొన్న తేదీ, చివరిసారి మెయింటెనెన్స్, కాలిబ్రేషన్ చేసిన తేదీలు మీ బయోమెడికల్ వాళ్లు నింపుతారు, మీరు వెతకక్కర్లేదు. అద్దె పంపు అయితే ఎవరి దగ్గర తెచ్చారో రాయండి. ఈ మధ్య సూర్యారావుపేట నుంచి నెలవారీ అద్దెకి తెచ్చుకునే హాస్పిటళ్లు ఎక్కువయ్యాయి, వాటి సర్వీసు చరిత్ర యజమాని దగ్గరే ఉంటుంది.

పంపుతో పాటు సిరంజి కూడా పరికరమే, ఇది చాలామందికి తట్టదు. దాని కంపెనీ, సైజు, లాట్ నంబర్ రాయాలి. ప్యాకెట్ కవర్ ఉంటే ఇంకా మంచిది. పంపులో ఏ బ్రాండు ఎంచుకుని ఉంది, నిజంగా పెట్టింది ఏ బ్రాండు, రెండూ రాయండి. ఒకటి కాకపోతే దాచొద్దు, ఎలాగూ లాగ్‌లో ఉంటుంది. సిరంజి దొరికితే మూత పెట్టి, పిస్టన్ ఉన్న చోట మార్కర్‌తో గీత గీసి, తేదీ, టైము రాసి కవర్లో పెట్టి బయోమెడికల్‌కి ఇవ్వండి. కడగొద్దు, ఖాళీ చేయొద్దు.

సిరంజి గురించి నేను ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, మా కేసు దాదాపు చేజారి, దాని వల్లే నిలబడింది. కంపెనీ ఇంజినీరు హైదరాబాద్ నుంచి వచ్చాడు. తన బ్యాగులోంచి కొత్త సిరంజి తీశాడు, నీళ్లు నింపాడు, గంటకి 50 మిల్లీలీటర్ల రేటు పెట్టి, కొస వదిలేసి కొలపాత్రలోకి వదిలాడు. అరగంటకి 25 మిల్లీలీటర్లు. "సార్, పంపు పర్ఫెక్ట్" అన్నాడు, "లోపం కనపడలేదు" అని కాగితం రాయబోయాడు. మంచి కుర్రాడే, మోసం ఏమీ లేదు, అతనికి నేర్పిన టెస్టు అదే.

నేను ఆ రాత్రి సిరంజినే పెట్టమన్నాను. 4.5 రేటు పెట్టమన్నాను, అదే ఎక్స్‌టెన్షన్ లైను తగిలించమన్నాను. ఆ సిరంజి పిస్టన్ రబ్బరు కొంచెం బిగుతుగా ఉంది, చేత్తో తోసినా తెలుస్తోంది. గంట చొప్పున మూడుసార్లు నడిపి, బయటికి వచ్చినదాన్ని తూకం వేశాం. నీళ్లలాంటి ద్రవం కాబట్టి గ్రాముని మిల్లీలీటర్ కింద తీసుకోవచ్చు. మొదటిసారి 4.4, రెండోసారి 2.1, మూడోసారి 3.6. మూడుసార్లూ స్క్రీన్ మాత్రం 4.5 అనే చూపించింది. ఒక్కోసారి నట్టు పట్టుకుంటోంది, ఒక్కోసారి జారుతోంది. నున్నగా కదిలే సిరంజితో, వేరే రేటుతో, ఒక్క అరగంట చూస్తే అది బయటపడలేదంతే. విప్పి చూస్తే సగం నట్టు పళ్లు ఒక వైపు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. లివర్ పూర్తిగా నొక్కకుండా చెయ్యిని బలవంతంగా జరిపితే పళ్లు అలా అరుగుతాయి. తొందర్లో అందరం చేసే పనే.

పేషెంట్ మీద ఏ ప్రభావం పడిందో రాసే భాగం మీరు, డ్యూటీ డాక్టర్ కలిసి రాయాలి. ఇక్కడ "బీపీ తగ్గింది, మళ్లీ స్టేబుల్" అంటే చాలదు. ముందు ఎలా ఉన్నారు, అప్పుడు ఎలా ఉన్నారు, ఏం చేశారు, తర్వాత ఎలా ఉన్నారు అన్నది వరసగా రావాలి. మా దాంట్లో ఇలా ఉంది: 2:30కి 112/64, మీన్ 80. 3:30కి 96/54. 4:10కి 68/38, మీన్ 48, పిలిస్తే మత్తుగా పలికారు. 4:14కి కొత్త పంపు, డాక్టర్ చెప్పినట్టు డోసు 0.2కి పెంచి, రింగర్ లాక్టేట్ 250 మి.లీ. ఇచ్చారు. 4:32కి 106/60. యూరిన్ అంతకుముందు గంటకి 40 మి.లీ. వస్తున్నది తర్వాతి రెండు గంటలు 15 చొప్పునే వచ్చింది. లాక్టేట్ 1.8 నుంచి 3.1కి పెరిగి మధ్యాహ్నానికి 1.9. క్రియాటినిన్ 1.1 నుంచి 1.4, మూడో రోజుకి మళ్లీ 1.1.

నార్‌ఎడ్రినలిన్ ఒంట్లో ఉండేది కొన్ని నిమిషాలే, అందుకే మందు ఆగితే ప్రభావం వెంటనే కనిపిస్తుంది. మీ పేషెంట్‌కి వెళ్తున్నది వేరే మందు అయితే కథ మారుతుంది. మిడజొలామ్ అయితే గంట గడిచాక కదలడం మొదలుపెడతారు, ఇన్సులిన్ అయితే షుగర్ చూసినప్పుడు గానీ తెలియదు. అందుకే మందు పేరు, ఎంతలో ఎంత కలిపారు, డోసు, పేషెంట్ బరువు లేకుండా ఎవరూ ఏమీ లెక్కగట్టలేరు.

క్రియాటినిన్ పెరగడం పంపు వల్లా, సెప్సిస్ వల్లా అని మా డాక్టర్ గారిని అడిగితే "రెండింటి వల్లా అయ్యుండొచ్చు, అంకెలు రాయి, 'వల్ల' అనొద్దు" అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. "పంపు లోపం వల్ల కిడ్నీ దెబ్బతింది" అని రాస్తే అది ఆరోపణ. టైము, అంకె పక్కపక్కన పెడితే అది రిపోర్టు. అలాగే ఏమీ కాకపోతే ఏమీ కాలేదనే రాయండి. పేషెంట్‌కి హాని జరగకపోయినా పంపు లోపం లోపమే.

రిపోర్టు ఎక్కడికి వెళ్తుంది? మొదట మీ హాస్పిటల్ ఇన్సిడెంట్ ఫారం, క్వాలిటీ వాళ్లకి. అక్కడితో ఆగిపోకూడదు. పరికరాల వల్ల జరిగే ఇలాంటి ఘటనల కోసం మన దేశంలో 2015 జులై నుంచి మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రామ్ నడుస్తోంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూస్తుంది. వాళ్ల వెబ్‌సైట్‌లో మెడికల్ డివైస్ అడ్వర్స్ ఈవెంట్ ఫారం ఉంటుంది. డాక్టరే పంపాలని లేదు, నర్సు పంపొచ్చు, బయోమెడికల్ ఇంజినీరూ పంపొచ్చు. 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకి ఫోన్ చేసి అడగొచ్చు. రిపోర్టు పంపినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని, రాసినవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచుతామని ఆ ఫారం మీదే ఉంటుంది. కారణం తేలేవరకు ఆగక్కర్లేదు. ముందు తెలిసింది ఇనీషియల్ అని టిక్ పెట్టి పంపి, తేలాక ఫాలోఅప్ పంపొచ్చు. మేము రెండో రోజే మొదటిది పంపాం, నట్టు సంగతి మూడు వారాల తర్వాత ఫాలోఅప్‌లో వెళ్లింది.

ఆ ఫారంలో ఘటన ఎంత తీవ్రమో టిక్ పెట్టే చోట చాలామంది జంకుతారు. ప్రాణాపాయం అని పెడితే గొడవవుతుందని "ఇతర" మీద పెట్టేస్తారు. ఆ క్షణంలో పేషెంట్ ప్రాణానికి ముప్పు ఉందా లేదా అన్నదే అక్కడి ప్రశ్న, తర్వాత కోలుకున్నారా అన్నది వేరే గడి. మీన్ 48 మీద ఉన్న సెప్సిస్ పేషెంట్‌కి మా డాక్టర్ గారు ప్రాణాపాయం మీదే టిక్ పెట్టారు, ఫలితం దగ్గర కోలుకున్నారని పెట్టారు. మీ కేసులో ఆ నిర్ణయం మీ డాక్టర్ గారికే వదిలేయండి.

కంపెనీకి విడిగా రాతపూర్వకంగా చెప్పడం మర్చిపోవద్దని మీ బయోమెడికల్ వాళ్లకి చెప్పండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. ముందుగా ఊహించని తీవ్రమైన ఘటన తమ దృష్టికి వస్తే 15 రోజుల్లో ప్రభుత్వానికి చెప్పాల్సిన బాధ్యత 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ ప్రకారం లైసెన్సు ఉన్న కంపెనీ మీద ఉంది. మీ మెయిల్ వెళ్లిన తేదీ ఉంటే దృష్టికి ఎప్పుడు వచ్చిందో ఎవరూ వాదించలేరు. పంపు తీసుకెళ్తామంటే లాగ్ కాపీ మన దగ్గర పెట్టుకుని, సీరియల్ నంబర్ రాసిన రసీదు తీసుకుని ఇవ్వాలి. రిపేరు చేస్తే తీసిన పాత భాగం వెనక్కి కావాలని ఆ రసీదు మీదే రాయించాలి. మేము రాయించాం కాబట్టే ఆ నట్టు ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది.

మా ఐసీయూలో అదే మోడల్, అదే నెలలో కొన్నవి ఇంకో మూడు ఉండేవి. వాటినీ బిగుతు సిరంజితో, తక్కువ రేటుతో నడిపి తూకం వేశాం. రెండు సరిగ్గా ఉన్నాయి. మూడోది, అప్పుడు ఐదో బెడ్ దగ్గర వేరే పేషెంట్‌కి తగిలించి ఉన్నది, రెండో గంటలో 3.2 దగ్గర ఆగింది. మీ దగ్గర కూడా అదే మోడల్ పంపులు ఇంకెన్ని ఉన్నాయో, ఇప్పుడు ఏ బెడ్ల దగ్గర ఉన్నాయో రిపోర్టు చివర రాసి పెట్టండి. ఇవాళ రాత్రి డ్యూటీకి వెళ్తే వాటి సిరంజి స్కేలు గంటకోసారి మీరే కంటితో చూడండి.